సాయంత్రం ఆరున్నర ఏడుపు: మా బాబుతో మొదటి మూడు నెలలు

మా బాబు 2025 జూలై 18న హన్మకొండలో పుట్టాడు. నెలలు నిండిన కాన్పు, బరువు 2.9 కిలోలు. ఆసుపత్రి నుంచి నేరుగా హసన్‌పర్తిలోని మా తల్లిగారింటికి వచ్చాం. మొదటి రెండు వారాలు వాడు పాలు తాగడం, పడుకోవడం తప్ప ఇంకేమీ చేయలేదు. చూడడానికి వచ్చినవాళ్లంతా "బంగారం లాంటి పిల్లగాడు, నోరే లేదు" అన్నారు.

మూడో వారంలో, అంటే ఆగస్టు మొదట్లో ఒకరోజు సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో ఏడుపు మొదలుపెట్టాడు. ఆకలేమో అని పాలిచ్చాను. రెండు గుటకలు తాగి రొమ్ము వదిలేసి మళ్లీ కేకలు. ముఖం ఎర్రబడింది, పిడికిళ్లు బిగించాడు, మోకాళ్లు పొట్టకు ముడుచుకున్నాడు, పొట్ట గట్టిగా అయింది. మధ్యమధ్య గ్యాస్ వదులుతున్నాడు. ఎత్తుకుంటే రెండు నిమిషాలు ఆగి మళ్లీ మొదలు. రెండు గంటల తర్వాత ఏమీ జరగనట్టు పాలు తాగి పడుకున్నాడు. ఆ ఒక్కరోజే అయితే మర్చిపోయేవాళ్లం. కానీ మర్నాడు సరిగ్గా అదే టైముకు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడు కూడా.

వారం తిరిగేసరికి ఇంట్లో ఎవరి కారణం వాళ్లు చెప్పసాగారు. నేను తిన్నదే పడట్లేదని అమ్మ పప్పు, ఆలుగడ్డ, వంకాయ, పెరుగు అన్నీ ఆపేసింది. బాలింత పథ్యం ముందే కఠినం, దాంతో నాకు మిగిలింది వెల్లుల్లి కారం, అన్నం, కొంచెం బీరకాయ. అమ్మమ్మ రోజూ పొద్దుగూకగానే ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసేది. కాజీపేట నుంచి అత్తమ్మ ఫోన్ చేసి "పాలు సాలుతలేవు బిడ్డా, డబ్బా పాలు మొదలుపెట్టు" అన్నారు. ఆమె ప్రేమతోనే అన్నారని తెలుసు. కానీ నాకు తగిలింది ఆ మాటే. బిడ్డ ఏడుస్తున్న ప్రతిసారీ నా ఒంట్లో పాలు లేవని అందరూ అనుకుంటున్నట్టు అనిపించేది. సాయంత్రం ఐదు అయ్యిందంటే చాలు, గుండె దడ మొదలయ్యేది.

అదే వారం మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ మెడికల్ షాపులో "చిన్నపిల్లాడికి కడుపునొప్పి" అని చెప్పి డ్రాప్స్ తెచ్చారు. డెబ్బై రూపాయలో ఎంతో. పిల్లాడి వయసు ఎంతని షాపులో ఎవరూ అడగలేదట. వేసే ముందు ఆయన సీసా మీద చిన్న అక్షరాలు చదివారు. రెండు మందులు కలిసి ఉన్నాయి: ఒకటి సిమెథికోన్, రెండోది డైసైక్లోమిన్. ఎందుకో అనుమానం వచ్చి, డాక్టరును అడిగాకే వేద్దామని పక్కన పెట్టాం. ఇది చదివేవాళ్ల ఇంట్లోనూ ఇలాంటి సీసా ఉండొచ్చు కాబట్టి ఆ సీసా సంగతి డాక్టరు ఏం చెప్పారో కింద వివరంగా రాస్తాను.

ఆగస్టు 18, సోమవారం, బాబుకు సరిగ్గా నెల నిండిన రోజు హన్మకొండలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఫీజు నాలుగు వందలు. టోకెన్ తీసుకున్నాక రెండున్నర గంటలు కూర్చున్నాం. అంతసేపూ బాబు హాయిగా పడుకున్నాడు. లోపలికి వెళ్లాక డాక్టరమ్మకు ఏం చూపించాలో అర్థం కాలేదు, ఎందుకంటే ఉదయం పూట వాడికి ఏ బాధా లేదు. ఇలా అవుతుందనే మా ఆయన ముందురోజు సాయంత్రమే ఫోన్‌లో వీడియో తీసి ఉంచారు. రెండు నిమిషాల వీడియో చాలు. ఏడుపు ఎలా ఉంది, కాళ్లు ఎలా ముడుస్తున్నాడు, మధ్యలో ఊపిరి ఎలా తీస్తున్నాడు అన్నీ ఆమె అందులోనే చూశారు.

తర్వాత బాబు ఒంటి మీద ఒక్క నూలుపోగు లేకుండా విప్పమన్నారు. చేతి తొడుగులు, సాక్సులు, మొలతాడు కూడా. ముందు బరువు తూచారు: 3.75 కిలోలు. మాడు మీద వేలితో తాకి చూశారు, ఉబ్బి లేదు, లోపలికి పోయి లేదు. చెవులు, నోట్లో తెల్లపూత, కళ్లు చూశారు. పొట్ట నొక్కారు. గజ్జల్లో వాపు ఉందేమో, వృషణాలు మామూలుగా ఉన్నాయేమో చూశారు. గజ్జల్లో పేగు జారి ఇరుక్కుంటే కూడా పిల్లలు ఇలాగే గుక్కపెట్టి ఏడుస్తారట. చివరికి చేతివేళ్లు, కాలివేళ్లు ఒక్కొక్కటి విడదీసి చూశారు. అదెందుకని అడిగితే, తల్లి వెంట్రుక వేలికి చుట్టుకుని ఉంటుందేమో అని చూస్తాను అన్నారు. ఆ మాట మేం అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అదే మమ్మల్ని కాపాడింది.

పరీక్ష అయ్యాక ఆమె మొదట మాట్లాడింది బరువు గురించి. పుట్టినప్పటి నుంచి నెలలో 850 గ్రాములు పెరిగాడు. ఈ వయసులో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే పాలు అందుతున్నట్టే. పైగా రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ సార్లు ఒంటికి పోస్తున్నాడు. "పాలు సరిపోని బిడ్డ పొద్దంతా ఏడుస్తాడు, బరువు పెరగడు. సాయంత్రం మాత్రమే ఏడ్చి బరువు పెరిగేవాడికి పాల కొరత లేదమ్మా" అన్నారు. నాకు అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ చీటీ మీద బరువు రాయించుకుని ఫొటో తీసి అత్తమ్మకు పంపాను. మళ్లీ ఆమె డబ్బా పాల మాట ఎత్తలేదు.

దీన్ని కోలిక్ అంటారని చెప్పారు. ఆరోగ్యంగా ఉండి, బాగా పాలు తాగి, బరువు పెరుగుతున్న బిడ్డ రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అనాలని 1954లో వెసెల్ అనే అమెరికా డాక్టరు లెక్క పెట్టారు. ఇప్పుడు డాక్టర్లు మూడు వారాలు ఆగమని పట్టుబట్టరట. ఐదు నెలల లోపు బిడ్డ, కారణం కనిపించకుండా, ఎంత ఊరడించినా ఆగని ఏడుపు, జ్వరం గానీ జబ్బు గానీ లేకపోవడం, ఎదుగుదల బాగుండడం చూస్తారు. అసలు ఏ బిడ్డకైనా ఏడుపు రెండో వారం తర్వాత పెరుగుతూ పోయి, ఆరు వారాల దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆరో వారంలో మామూలు పిల్లలే రోజు మొత్తం మీద రెండు గంటలు ఏడుస్తారట. మా వాడిది అదే దారి, కాకపోతే కొంచెం ఎత్తు ఎక్కువ. "ఇంకా పెరుగుతుంది, భయపడకండి. సెప్టెంబరు మొదటి వారాలు గట్టిగా ఉంటాయి" అని ముందే చెప్పారు. అలా చెప్పడం వల్ల ఎంత మేలు జరిగిందో మాటల్లో చెప్పలేను. పెరిగినప్పుడు జబ్బు ముదిరిందని కాకుండా, చెప్పిన టైముకే వచ్చిందని అనుకోగలిగాం.

గ్యాస్ సంగతి అడిగాను, ఎందుకంటే పొట్ట గట్టిగా అవడం, గ్యాస్ పోవడం నేను కళ్లారా చూస్తున్నాను. ఏడుస్తున్నప్పుడు గాలి మింగుతాడు, కడుపు బిగిస్తాడు, అందుకే గ్యాస్ పోతుంది అన్నారు. అంటే చాలావరకు ఏడవడం వల్ల గ్యాస్ చేరుతోంది తప్ప, గ్యాస్ వల్లే ఏడుపు కాదు. అసలు కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు.

అప్పుడు మా ఆయన జేబులోంచి ఆ సీసా తీశారు. ఆమె చూసి పక్కన పెట్టేశారు. డైసైక్లోమిన్ ఆరు నెలల లోపు పిల్లలకు వేయనే కూడదు. పేగుల కదలికను తగ్గించే మందు అది. పసిపిల్లల్లో ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. సిమెథికోన్ ఒక్కటే ఉన్న డ్రాప్స్ అయితే హాని లేదు గానీ, పరిశోధనల్లో ఉత్తి నీళ్ల మందు కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదన్నారు. గ్రైప్ వాటర్ వద్దన్నారు, తల్లిపాలు తప్ప ఆరు నెలలదాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. అమ్మమ్మ అరగదీస్తానన్న వసకొమ్ము, జాజికాయ, నోట్లో వేసే ఆముదం, నాలుకకు రాసే తేనె ఇవేవీ వద్దని అమ్మ వింటుండగానే చెప్పారు. తేనెలో ఉండే ఒక క్రిమి ఏడాది లోపు పిల్లలకు ఒళ్లు చచ్చుబడే జబ్బు తెస్తుందట. దిష్టి తీసుకోవచ్చా అని అమ్మ అడిగింది. "తీసుకోండమ్మా, కానీ మిరపకాయల పొగ, సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలోకి రానివ్వకండి" అన్నారు. ఆ జవాబు వల్ల అమ్మమ్మ కూడా నొచ్చుకోకుండా మిగతా మాటలు ఒప్పుకుంది. ఆ తర్వాత దిష్టి వాకిట్లోనే తీసేది.

నా పథ్యం కూడా ఎత్తేశారు. మలంలో రక్తపు చారలు, ఒంటి మీద గరుకు ఎర్రదద్దులు, ఆగని వాంతులు ఉంటే ఆవుపాల అలర్జీ అనుమానించి తల్లిని రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు మాన్పించి చూస్తారట. మా వాడికి అవేవీ లేవు. ఆ రాత్రి పప్పు, పెరుగుతో అన్నం తిన్నాను. సాయంత్రం ఏడుపులో ఏ మార్పూ లేదు.

ఒకే ఒక మందు రాశారు, అది కూడా "కావాలంటే వాడండి" అని. లాక్టోబాసిల్లస్ రియుటెరి అనే మంచి బ్యాక్టీరియా చుక్కలు, రోజుకు ఐదు. తల్లిపాలు తాగే పిల్లల్లో కొందరికి ఏడుపు కొంత తగ్గుతుందని పరిశోధనలు ఉన్నాయి, డబ్బా పాలు తాగేవాళ్లకు అంత రుజువు లేదు. చిన్న సీసా, ఐదు వందల పైన పడింది. ఒక సీసా పూర్తిగా వాడాం. అది వాడుతున్న రోజుల్లోనే ఏడుపు ఇంకా పెరిగి ఆ తర్వాత తగ్గింది కాబట్టి, చుక్కలు పనిచేశాయా, వయసే పనిచేసిందా అన్నది నేను చెప్పలేను. రెండో సీసా కొనలేదు.

చీటీ వెనకాల ఆమె స్వయంగా రాసిచ్చినవి మాత్రం ఫ్రిజ్ తలుపుకు అంటించాం. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం ఉంటే ఇంట్లో మందు వేసి చూడకుండా వెంటనే ఆసుపత్రికి. పచ్చరంగు వాంతి అయితే అర్ధరాత్రయినా సరే బయలుదేరాలి, పేగు మెలిపడి ఉండొచ్చు. ప్రతి పాలకూ దూరంగా చిమ్మినట్టు వాంతి అయినా చూపించాలి. మలంలో రక్తం, ఉబ్బిన మాడు, గజ్జల్లో గట్టి వాపు, ఎనిమిది గంటలుగా ఒంటికి పోయకపోవడం, ఊపిరి ఎగపోయడం, పెదాలు నీలంగా మారడం ఇవన్నీ ఆ చీటీలో ఉన్నాయి. వాటికంటే నాకు బాగా గుర్తున్నది ఆమె నోటితో చెప్పిన ఒక మాట. "గట్టిగా ఏడ్చే బిడ్డకంటే, ఏడవలేక మూలిగే బిడ్డను చూసి ఎక్కువ భయపడాలి. ఏడుపు ఆగాక పాలు చక్కగా తాగి, కళ్లు తెరిచి చూస్తే సరే. వడిలిపోయి, లేపినా లేవక, పాలు పట్టకపోతే పరుగెత్తండి."

ఇంటికి వచ్చాక పాత నోటుబుక్కు ఒకటి తీశాం. ఏడుపు మొదలైన టైము, ఆగిన టైము, అంతకుముందు ఎప్పుడు పడుకున్నాడు, ఏం చేస్తే ఆగాడు, అంతే. ఇది కూడా డాక్టరమ్మ చెప్పిందే. రాయకముందు అడిగితే రోజంతా ఏడుస్తున్నాడనే చెప్పేదాన్ని. రాశాక చూస్తే ఎక్కువ భాగం సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్యలోనే ఉంది. పొద్దున ఏడుపులన్నీ కలిపినా అరగంట దాటవు. ఇంకోటి కూడా కనిపించింది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు మధ్య చుట్టాలు వచ్చి చేతులు మారి, సరిగా పడుకోని రోజుల్లో ఆ రాత్రి ఏడుపు మరీ ఎక్కువ. అప్పటినుంచి నాలుగు తర్వాత ఎవరు వచ్చినా బాబును లోపలి గదిలోనే ఉంచాం. కొందరికి కోపం వచ్చింది, అమ్మ సర్ది చెప్పుకుంది.

ఆగస్టు 27న వినాయక చవితి. మా వీధి చివరే మండపం, సాయంత్రమైతే స్పీకర్లు. బాబుకు ఆరో వారం కూడా అప్పుడే. ఆ తొమ్మిది పది రోజులు నోటుబుక్కులో నాలుగు గంటల పైన ఏడ్చినవే ఎక్కువ. సౌండ్ వల్ల పెరిగిందా, వయసు వల్లా అంటే రెండూ కావొచ్చు. మా తమ్ముడు వెళ్లి మండపం పిల్లలతో మాట్లాడి స్పీకర్ ఒకటి అటువైపు తిప్పించాడు. ఆగస్టు 29న ఆశమ్మ వచ్చింది, 42వ రోజు చూడడానికి వచ్చే విజిట్ అది. స్ప్రింగ్ కాటాతో తూచింది: 4.1 కిలోలు. పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే బరువు తెలిసింది. అన్నేసి గంటలు ఏడుస్తూ కూడా బాగా పెరుగుతున్నాడని ఆ కాటా చెప్పడంతో ఆ వారం గడిచింది.

ఊరడించడంలో మాకు పనిచేసినవి చెబుతాను. ఏదీ రోజూ పనిచేయలేదు, పనిచేసినప్పుడు కూడా పూర్తిగా ఆగేది కాదు, తగ్గేది. అన్నిటికంటే మేలు చేసింది ఎత్తుకుని నడవడం. నడిచే పద్ధతి మా ఆయన కనిపెట్టుకున్నారు, తర్వాత అదే విషయం జపాన్ పరిశోధకులు 2022లో చెప్పారని డాక్టరమ్మ అన్నారు. బిడ్డను ఛాతీకి గట్టిగా ఆనించుకుని, తల పట్టుకుని, ఆగకుండా, మలుపులు లేకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోగానే పడుకోబెడితే లేచిపోతాడు. నిద్ర పట్టాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే ఎత్తుకుని కూర్చోవాలి, అప్పుడు దించాలి. మేం ముందు నిద్రపోగానే దించేవాళ్లం, వీపు మంచానికి తగలగానే మళ్లీ కేక. ఆ ఐదారు నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టాక చాలా తేడా వచ్చింది.

రెండోది, ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టి తల మోచేతి దగ్గర, కాళ్లు చేతికి అటూ ఇటూ వేలాడేలా పట్టుకోవడం. బాపు చేతిలో బాగా ఆగేవాడు, ఆయన చేయి వెడల్పు కాబట్టి. ఇది మెలకువగా ఎత్తుకున్నప్పుడే. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. మూడోది, పల్చటి కాటన్ బట్టలో చేతులు లోపల ఉండేలా చుట్టడం, నడుం కింద వదులుగా, కాళ్లు కప్పలా ముడుచుకునే చోటు ఉండాలి. దానికి తోడు గదిలో లైటు తగ్గించి, ఫోన్‌లో వాన చప్పుడు పెట్టి మంచానికి దూరంగా అలమారలో ఉంచేవాళ్లం. తలపక్కన పెట్టకూడదు, చెవికి మంచిది కాదు.

తొట్టెల గురించి అందరూ అడుగుతారు. చీర తొట్టెలలో ఊపితే మా వాడు ఆగేవాడు, నిజమే. కానీ బట్టలో గడ్డం ఛాతీకి ఒంగి ఊపిరికి అడ్డం రావచ్చని, నిద్రపోయాక తీసి గట్టి పరుపు మీద పడుకోబెట్టమన్నారు. అలాగే చేశాం. ఊపడం కూడా మెల్లగానే.

ఏడుస్తున్న ప్రతిసారీ పాలు పట్టడం మానుకున్నాం. గంట క్రితమే కడుపు నిండా తాగినవాడికి మళ్లీ మళ్లీ పడితే కక్కుతున్నాడు, ఇంకా చిరాకు పడుతున్నాడు. ఆకలి గుర్తులు, అంటే నోరు తెరిచి తల తిప్పి వెతకడం, చేయి చప్పరించడం ఉంటే పాలు. లేకపోతే నడక.

సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి గురించి రాయాలి. మా ఆయనకు నైట్ డ్యూటీ, అమ్మకు జ్వరం. ఏడున్నర నుంచి నేనొక్కదాన్నే. తొమ్మిది దాటాక వాడిని పట్టుకున్న నా చేతులు బిగుసుకుపోవడం నాకే తెలిసింది. ఒళ్లంతా కోపం. పసిబిడ్డను ఊపేస్తే, కుదిపేస్తే మెదడులో రక్తస్రావం అవుతుందని, మెడ బలం లేని ఆ తలకు క్షణాల్లో జరిగిపోతుందని డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఏం చేయాలో కూడా చెప్పారు. వాడిని మంచం మధ్యలో కాకుండా కింద పరిచిన పరుపు మీద, దిండ్లు, దుప్పట్లు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టాను. తలుపు దగ్గరగా వేసి వాకిట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. ఐదు నిమిషాలు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. తిరిగి లోపలికి వెళ్లేసరికి నా చేతులు మామూలుగా ఉన్నాయి. క్షేమంగా పడుకోబెట్టిన బిడ్డకు ఐదు పది నిమిషాల ఏడుపు వల్ల ఏమీ కాదు.

తర్వాత మేం పద్ధతి మార్చాం. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఇరవై నిమిషాలకొకరం. నేను, మా ఆయన, బాపు, తమ్ముడు. వంతు కానివాళ్లు ఆ గదిలో ఉండకూడదు, సలహాలు ఇవ్వకూడదు. నేను నా వంతు కానప్పుడు డాబా మీదికి వెళ్లేదాన్ని. రెండో విజిట్‌లో డాక్టరమ్మ బాబు కంటే ముందు నన్నే అడిగారు, బిడ్డ పడుకున్నప్పుడైనా నిద్ర పడుతోందా, పొద్దున లేవగానే ఏడుపొస్తోందా అని. ఆ దిగులు రెండు వారాలకు మించి ఉంటే చెప్పమని, రాత్రిపూట మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 నంబర్‌కు ఉచితంగా ఫోన్ చేయొచ్చని రాసిచ్చారు. నాకు ఆ అవసరం పడలేదు కానీ నంబర్ ఫోన్‌లో ఉంచుకున్నాను.

దసరా అక్టోబరు 2న వచ్చింది. అప్పటికి బాబుకు దాదాపు పదకొండు వారాలు. బతుకమ్మ రోజుల నుంచే ఏడుపు తగ్గుముఖం పట్టింది, ఇక రోజుకు గంటన్నర మాత్రమే. పండుగ రోజు ఉదయం పదకొండు గంటలకు ఉన్నట్టుండి కేక వేసి ఏడుపు మొదలుపెట్టాడు. అందరూ "ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టిండు" అన్నారు. నోటుబుక్కు రాసే మాకు మాత్రం అది వాడి టైము కాదని తెలుసు. ఏడుపు కూడా వేరు. కోలిక్ ఏడుపు ఎత్తుకుంటే కాసేపన్నా తగ్గి మళ్లీ పెరిగేది. ఇది సన్నగా, కోసినట్టు, ఒకే ఎత్తులో, ఎత్తుకున్నా నడిచినా రవ్వంత తేడా లేదు. పాలు ముట్టలేదు. థర్మామీటర్ పెడితే జ్వరం లేదు. వాంతి లేదు, పొట్ట మెత్తగా ఉంది.

డాక్టరమ్మ చేసినట్టే మొత్తం విప్పాను. గజ్జల్లో వాపు లేదు. పండుగకని తొడిగిన కొత్త సాక్సులు లాగాను. ఎడమకాలి మూడో వేలు ఎర్రగా వాచి ఉంది, వేలి మొదట్లో సన్నటి గాడి. వెంట్రుక కనిపించలేదు. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూస్తే మెరిసింది. నా వెంట్రుకే. కాన్పయిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం మామూలట. ఉతికేటప్పుడు సాక్సు లోపల చిక్కుకున్న వెంట్రుక, కాళ్లు ఆడిస్తున్న కొద్దీ బిగుసుకుంటూ పోతుంది. రక్తం ఆగిపోయి, ఆలస్యమైతే వేలే పోవచ్చు.

కొస దొరికితే మెల్లగా విప్పొచ్చు. మాకు దొరకలేదు, వాపులో దిగిపోయింది. ఇంట్లో బ్లేడుతో గెలకవద్దని బాపు ఆపారు, అది మంచి మాట. పండుగ రోజు కాబట్టి మేం వెళ్లే క్లినిక్ మూసి ఉంది. ఆటోలో నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాం, రోడ్లు ఖాళీగా ఉండడంతో అరగంటలోపే చేరాం. ఓపీలో చీటీ కోసం నిలబడకుండా "వేలికి వెంట్రుక బిగిసింది, నల్లబడుతోంది" అని ఒక్కమాటలో చెప్పడంతో నేరుగా లోపలికి పంపారు. భూతద్దం పెట్టుకుని, మొన లేని సన్నటి కొక్కెంతో ఎత్తి చిన్న కత్తెరతో కత్తిరించారు. రెండు చుట్లు ఉన్నాయి. తీసిన నిమిషంలోపే ఏడుపు ఆగింది. వేలు రంగు మెల్లగా తేరుకుంది, వాపు మాత్రం మర్నాటి వరకు ఉంది. ఇంకో పోగు లోపల మిగిలిపోలేదని చూడడానికి మర్నాడు మళ్లీ రమ్మన్నారు, వెళ్లాం.

ఆ తర్వాత సాక్సులు, చేతి తొడుగులు లోపలి వైపు తిప్పి ఉతికి, తొడిగే ముందు మళ్లీ తిప్పి చూసేవాళ్లం. బాబు దగ్గర ఉన్నప్పుడు నేను జుట్టు ముడి వేసుకునేదాన్ని. స్నానం చేయించినప్పుడు వేళ్లు విడదీసి చూడడం ఇప్పటికీ అలవాటు. టైము కాని టైములో ఆగని ఏడుపు వస్తే ముందు బట్టలన్నీ విప్పి చూడండి అని ఇప్పుడు మా చుట్టాల్లో ప్రతి బాలింతకూ చెబుతున్నాను.

సాయంత్రపు ఏడుపు మాత్రం ఒక్కరోజులో పోలేదు. అక్టోబరు రెండో వారంలో వారానికి రెండు మూడు రోజులకు తగ్గింది, అదీ అరగంట, ముప్పావు గంట. దీపావళి, అంటే అక్టోబరు 20 నాటికి బాబుకు మూడు నెలలు దాటాయి, ఆ రాత్రి పటాకుల చప్పుడుకు ఉలిక్కిపడి ఏడ్చాడు, ఎత్తుకోగానే ఆగాడు. అప్పటికి నోటుబుక్కులో రాయడానికి ఏమీ ఉండట్లేదు. నాలుగు నెలలు నిండినా తగ్గకపోయినా, తగ్గాక మళ్లీ కొత్తగా మొదలైనా తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పారు, అప్పుడది కోలిక్ అనుకోకుండా వేరే కారణం వెతకాలట. మాకు ఆ అవసరం రాలేదు. ఇప్పుడు పడుకునే ముందు పది నిమిషాలు నస పెడతాడు, అంతే.